ఎన్ని డిగ్రీలని కాదు, తడి గుడ్డకు ఎన్ని డిగ్రీలని అడుగుండ్రి

మే నెలల మన్నుకుండల నీళ్లు సల్లగుంటయి. అదే కుండను ఆగస్టుల నింపి పెడితె నీళ్లు అంత సల్లగ కావు. కుండ మారలే, నీళ్లు మారలే, మారింది గాలి. ఈ ముచ్చట మన ఇండ్లల్ల ముసలోళ్లందరికి తెలుసు. కాని ఎండల మీద సర్కారు చెప్పే లెక్కలల్ల, టీవీలల్ల ఎర్రరంగు పూసి చూపెట్టే మ్యాపులల్ల ఇది కనపడదు. అక్కడ ఒక్కటే అంకె. ఇయ్యాల ఎన్ని డిగ్రీలు?

ఆ ఒక్క అంకె ఎందుకు సాలదో చెప్పడానికి నేను కూలర్‌ను పట్టుకున్న. కూలరంటె బీదోని ఏసీ. అది ఎక్కడ పనిచేస్తదో, ఎక్కడ చెయ్యదో అర్థమైతె, మన ఒళ్లు ఏ ఎండకు తట్టుకుంటదో, ఏ ఎండకు కూలబడతదో సుత అర్థమైతది. ఎందుకంటె కుండ, కూలరు, మనిషి ఒళ్లు మూడూ ఒక్క తీరుగనే సల్లబడతయి. నీళ్లు ఆవిరై పోతూ పోతూ వేడిని ఎత్తుకపోతయి.

తడి గుడ్డ లెక్క

ఇది ఎవరైనా ఇంట్ల చేసి చూడొచ్చు. గోడకు తగిలేసే మామూలు థర్మామీటర్లు రెండు తీసుకోండ్రి. జ్వరం చూసేది పనికిరాదు. ఒకదాని బుడ్డికి పల్చటి నూలు గుడ్డ చుట్టి, నీళ్లతోని తడిపి, రెండింటినీ నీడల టేబుల్ ఫ్యాన్ ముంగట పెట్టుండ్రి. అయిదు నిమిషాలు ఆగుండ్రి. పొడిది అట్లనే ఉంటది. తడిది దిగుకుంట దిగుకుంట ఒక కాడ ఆగిపోతది. ఆ ఆగిన అంకెనే వెట్ బల్బ్ టెంపరేచర్ అంటరు. మనం తడి బల్బు డిగ్రీ అనుకుందాం.

అది ఎందుకు దిగుతది, ఎందుకు ఆగుతది? గుడ్డల ఉన్న నీళ్లు ఆవిరి కావాలంటె వేడి కావాలె. ఒక లీటరు నీళ్లు ఆవిరైతె దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి గుంజుకుంటది. కరెంటు లెక్కల చెప్పాలంటె యూనిట్‌ల మూడింట రెండొంతులు. ఆ వేడిని నీళ్లు ముందు తమ దగ్గర్నుంచే తీసుకుంటయి, అందుకే గుడ్డ సల్లబడతది. గుడ్డ సల్లబడ్డ కొద్ది చుట్టున్న వేడి గాలి దానికి వేడిని అందిస్తనే ఉంటది. పోయే వేడి, వచ్చే వేడి ఎక్కడ సమానమైతయో అక్కడ ముల్లు ఆగుతది. గాలి ఎంత పొడిగుంటె నీళ్లు అంత జోరుగ ఆవిరైతయి, ముల్లు అంత కిందికి దిగుతది. గాలి అప్పటికే ఆవిరితోని నిండి ఉంటె గుడ్డల నీళ్లకు పోను జాగ ఉండదు, ముల్లు కొంచెమే కదుల్తది. వాన పడుతుంటె రెండు థర్మామీటర్లు దాదాపు ఒక్కటే చూపెడతయి.

ఇగ కూలరంటె ఏంది? పెద్ద తడి గుడ్డ, దాని వెనుక ఒక ఫ్యాన్. చిన్న మోటరు ట్యాంకుల నీళ్లను ప్యాడ్ల మీద పోస్తది, ఫ్యాను బయటి వేడి గాలిని ఆ తడి ప్యాడ్లల్లకెళ్లి గుంజుతది. గాలి తన వేడిని నీళ్లకు ఇచ్చి సల్లబడి లోపటికొస్తది. అందుకే ఏ కూలరైనా, పది వేలదైనా లక్షదైనా, ఈ తీరు కూలరైతె తడి బల్బు డిగ్రీ కంటె కిందికి గాలిని సల్లబరచలేదు. అది దాని హద్దు. మంచిగ తడిసిన హనీకాంబ్ ప్యాడ్ అయితె పొడి డిగ్రీకి, తడి డిగ్రీకి మధ్య ఉన్న దూరంల దాదాపు 80 వంతులు దిగుతది. ఉప్పు పట్టిన పాత గడ్డి అయితె 60 వంతులు దిగుడే ఎక్కువ.

రామగుండం కూలరు, బందరు కూలరు

ఒక లెక్క చేద్దాం. రామగుండంల మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలు, గాలిల తేమ 20 శాతం అనుకోండ్రి. తేమ 20 శాతం అంటె ఆ వేడికి గాలి మోయగలిగిన ఆవిరిల అయిదో వంతే దాంట్ల ఉన్నదని అర్థం. ఇంకా నాలుగొంతుల జాగ ఖాళీ. అక్కడ తడి బల్బు 25.4 డిగ్రీల దగ్గర ఆగుతది. రెండింటి నడుమ దూరం 18.6. దాంట్ల 80 వంతులంటె దాదాపు 15. కూలరు నుంచి వచ్చే గాలి 29 డిగ్రీలు. పదిహేను డిగ్రీలు దించింది! 200 వాట్లు కూడ తినని మిషిని ఇంత పని చేసుడు మామూలు సంగతి కాదు.

అదే కూలరును లారీల వేసి బందరుకు తీసుకపోదాం. అక్కడ 38 డిగ్రీలు, తేమ 55 శాతం. టీవీల చూస్తె రామగుండం కంటె ఆరు డిగ్రీలు తక్కువ, రంగు కూడ లేత రంగే. కాని అక్కడి ఒక ఘనపు మీటరు గాలిల దాదాపు 25 గ్రాముల ఆవిరి ఉంటది, రామగుండం గాలిల 12 గ్రాములే. తడి బల్బు 30.2 కాడ ఆగిపోతది. నడుమ దూరం 7.8 మాత్రమే. కూలరు దించేది ఆరు డిగ్రీలు. వచ్చే గాలి దాదాపు 32, దాంట్ల తేమ 90 శాతం దగ్గర. చెమట ఆరదు, పక్కబట్ట తడి తడిగ అంటుకుంటది. కొన్నాయన కంపెనీని తిడతడు, అమ్మినాయన ప్యాడ్లు మార్చుమంటడు. తప్పు ఇద్దరిదీ కాదు.

ఇది తెలంగాణ, ఆంధ్ర నడుమ గీత గీసిన ముచ్చట అనుకోవద్దు. పడమటి పొడి గాలి తోసుకొచ్చిన దినం కోస్తాల కూడ ఎండ 44, 45 దాటుతది, ఆ దినం అక్కడ కూలరు మంచిగనే పనిచేస్తది. సముద్రపు గాలి తిరిగినంక డిగ్రీలు తగ్గుతయి, కూలరు చేతులెత్తేస్తది. మన కరీంనగర్ల, హైదరాబాద్ల సుత జూన్‌ల మబ్బు పట్టినంక ఇదే కథ. 34 డిగ్రీలు, తేమ 65 శాతం అనుకుంటె తడి బల్బు 28.5. కూలరు గాలి 29.6. గమనించుండ్రి, మే నెలల 44 డిగ్రీల ఎండల వచ్చిన గాలి 29, జూన్‌ల 34 డిగ్రీలల్ల వచ్చిన గాలి కూడ దాదాపు అంతే. అంకె ఒక్కటే, కాని మే గాలిల తేమ 75 శాతం లోపు, జూన్ గాలిల తేమ 90 దాటింది. ఒకటి పానం లేచొచ్చినట్టు ఉంటది, ఇంకొకటి ఉడకబెట్టినట్టు ఉంటది. అందుకే జూన్‌ల చాలా ఇండ్లల్ల మోటరు బందుపెట్టి కూలరును ఉత్త ఫ్యాన్ లెక్క వాడుకుంటరు. అది సరైన పనే.

ట్యాంకుల ఐస్ గడ్డలు వేసేటోళ్లు కూడ ఒక లెక్క చూసుకోవాలె. కిలో ఐస్ కరిగితె 334 కిలోజౌళ్ల వేడి తీసుకుంటది. లీటరు నీళ్లు ఆవిరైతె 2,400, అంటె ఏడు రెట్లు. నీళ్లు సల్లగుండుడు ముఖ్యం కాదు, నీళ్లు ఆవిరైపోవుడు ముఖ్యం. ఐస్‌కు పెట్టే పైసలు కొత్త ప్యాడ్‌కు పెట్టుండ్రి.

గాలి వచ్చుడు కాదు, పోవుడు

బస్తీల మీటింగులకు పోయినప్పుడు నాకు ఎక్కువ వినపడే మాట ఇది. "అన్నా, కూలర్ పెట్టినంక మొదలు గంటసేపు సల్లగుంటది, తర్వాత ఇంకింత ఉక్కపోస్తది." వాళ్ల ఇల్లు పోయి చూస్తె ఒక్కటే రూము, ఒక్కటే తలుపు, పైన రేకులు. కూలరు లోపట మూలకు పెట్టి, సల్లదనం పోకుండ తలుపు దగ్గరేసుకుంటరు. ఏసీకి అది సరైన పద్ధతి. కూలరుకు అది ఉరి.

లెక్క చూడుండ్రి. పది అడుగులు, పన్నెండు అడుగులు, తొమ్మిది అడుగుల ఎత్తున్న రూముల దాదాపు 30 ఘనపు మీటర్ల గాలి పడుతది. ఇంటి కూలరు గంటకు 2,000 ఘనపు మీటర్ల గాలి తోస్తదనుకుంటె, నిమిషం తిరగక ముందే రూముల గాలంతా ఒక్కసారి కూలరుల్లకెళ్లి పోయొస్తది. కూలరు బయటి పొడి గాలిని గుంజి, ఆ గాలి ఇంకో దిక్కుకెళ్లి బయటికి పోతె ఇది గొప్ప సంగతి. తలుపు మూస్తె మాత్రం రూముల గాలే మళ్ల మళ్ల తడుస్తది. ఆ 30 ఘనపు మీటర్ల గాలి ఆవిరితోని నిండిపోవడానికి అర లీటరు నీళ్లు కూడ పట్టవు. అక్కడికి తడి డిగ్రీ, పొడి డిగ్రీ ఒక్కటైతయి, కూలరు ఉత్త ఫ్యాన్ అయితది. పైనుంచి రేకులు, లోపట నలుగురు మనుషులు వేడి ఇస్తనే ఉంటరు. ఆ వేడికి ఇంకిన్ని నీళ్లు ఆవిరైతయి, తడి బల్బు డిగ్రీ మెల్లగ పైకెక్కుతది. గంట తర్వాత ఉక్కపోస్తదని ఆ అక్క చెప్పింది అక్షరాల నిజం.

అందుకని కూలరు కిటికీల ఉండాలె, దాని వీపు బయటికి ఉండాలె. దాని ఎదురుంగ ఇంకో కిటికీయో తలుపో తెరిచి ఉండాలె, ఆ తెరిచిన జాగ కూలరు మూతి కంటె చిన్నగ ఉండొద్దు. సరిగ్గ పెట్టినమా లేదా అని చూడడానికి ఒక అగరుబత్తి చాలు. తెరిచిన కిటికీ కాడ పట్టుకుంటె పొగ జోరుగ బయటికి పోవాలె. పొగ అక్కడక్కడనే తిరుగుతుంటె గాలికి బాట లేదని అర్థం.

ఇక్కడనే అసలు మాట. కిటికీ ఎదురుంగ ఇంకో కిటికీ ఉండుడు ఎవరికి దొరుకుతది? మూడు దిక్కుల పక్కింటి గోడలున్న ఒంటి రూముల కిరాయికుండే మనిషి ఏడు వేలు పెట్టి కూలరు కొన్నా దాంట్ల సగం పని కూడ తీసుకోలేడు. రేకుల కింద, గోడ పైభాగంల ఒక జాలీ కొట్టిస్తె కూడ పని అయితది, కాని ఇంటి ఓనరు ఒప్పుకోవాలె. అంగన్‌వాడీలకు, హాస్టళ్లకు, దవాఖాన వార్డులకు కూలర్లు పంచినప్పుడు కూడ ఎన్ని పంచినమని ఫొటోలు దిగుతరు గాని, ఆ రూములకు గాలి పోయే బాట ఉన్నదా అని ఎవరూ అడగరు.

నీళ్లు ఎవరు మోయాలె

ఇంకో లెక్క నీళ్లది. రామగుండం ఎండల మనం చెప్పుకున్న కూలరు పదిహేను డిగ్రీలు దించాలంటె గంటకు 13, 14 లీటర్ల నీళ్లు ఆవిరి కావాలె. పది గంటలు నడిస్తె 130 లీటర్ల పైన. అంటె దాదాపు తొమ్మిది బిందెలు. అదే కూలరు బందరుల గంటకు అయిదారు లీటర్లకు మించి తాగదు, ఎందుకంటె అక్కడ అది పనే చేస్తలేదు. కూలరు ఎక్కువ నీళ్లు తాగుతున్నదంటె మంచిగ పనిచేస్తున్నదని గుర్తు. ట్యాంకు తగ్గుతలేదంటె గాలన్నా తడిగ ఉన్నది, ప్యాడన్నా మూసుకపోయింది.

నల్లా దినం తప్పి దినం వచ్చే కాడ, ట్యాంకరు కోసం లైను కట్టే కాడ ఆ తొమ్మిది బిందెలు మోసేది ఎక్కువ ఆడోళ్లే. కరెంటు బిల్లు తక్కువని మనం మెచ్చుకునే మిషినికి అసలు బిల్లు వాళ్ల నడుముల మీద పడుతది. కూలరు పొడి గాలిల మంచిగ పనిచేస్తదన్న మాటకు ఇది రెండో ముఖం. గాలి పొడిగుండేది మేల, నీళ్లు కరువయ్యేది కూడ మేలనే.

బోరు నీళ్లయితె ఇంకో బాధ. నీళ్లు ఆవిరైతయి గాని వాటిల ఉన్న ఉప్పు కాదు. లీటరుకు ఒక గ్రాము ఉప్పున్న బోరు నీళ్లు దినానికి 130 లీటర్లు పోస్తె 130 గ్రాముల ఉప్పు ట్యాంకుల, ప్యాడ్ల మీద మిగుల్తది. పది దినాలకు కిలో పైన. ప్యాడ్ల మీద తెల్ల పొర కట్టి గాలి బాట మూసుకపోతది. రెండు మూడు దినాలకొకసారి ట్యాంకు మొత్తం ఒంపి కొత్త నీళ్లు పోయాలె. వానాకాలంల కూలరు ఆపేసినంక ట్యాంకు ఎండబెట్టాలె, లేకుంటె డెంగీ దోమకు అదే పురిటిల్లు. దాని గుడ్డు దోమ కావడానికి ఎనిమిది పది దినాలు సాలు.

ఒళ్లు కూడ కూలరే

ఇగ మనిషి కాడికొద్దాం. మన తోలు డిగ్రీ దాదాపు 35. బయటి గాలి అంతకంటె వేడిగున్నప్పుడు ఒంట్ల వేడి బయటికి పోను ఒక్కటే బాట, చెమట ఆరుడు. చెమట కారుడు కాదు, ఆరుడు. కారి కింద పడ్డ చెమట కూలరు ట్యాంకులకు తిరిగొచ్చిన నీళ్లసొంటిది, సల్లదనం ఇయ్యదు. తడి బల్బు 35 దాటితె నీడల, ఫ్యాన్ కింద, కడుపునిండ నీళ్లు తాగి కూసున్నా ఒళ్లు సల్లబడదు. 2010ల షెర్‌వుడ్, హ్యూబర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ హద్దును లెక్కగట్టి రాసిండ్రు. అది కాగితం మీది చివరి హద్దు. 2022ల అమెరికాల పెన్ స్టేట్ యూనివర్సిటీల వయసు పిల్లలతోని గదిల తేలికపాటి పని చేయించి చూస్తె, తడి గాలిల 31 డిగ్రీల దగ్గర్నే వాళ్ల ఒంటి వేడి ఆగకుండ ఎక్కుడు మొదలైంది.

విచిత్రమేందంటె, ఈ 31 కొత్త అంకె కాదు. ఇంగ్లండ్‌ల జె.ఎస్. హాల్డేన్ అనే డాక్టరు గనుల లోపటికి దిగి కొలిచి, 1905లనే ఈ మాట రాసిండు. గాలి కదలని వేడి జాగల మనిషిని దెబ్బతీసేది పొడి డిగ్రీ కాదు, తడి బల్బు డిగ్రీ అన్నడు. అది 25.5 దాటితె ఆగకుండ బరువు పని చేసుడు కాదు, 31 దాటితె ఎక్కువసేపు ఉండుడే కాదు అన్నడు.

ఇప్పుడు ఆ రెండు అంకెల పక్కన మన రెండు ఊర్లను పెట్టి చూడుండ్రి. రామగుండం 25.4, అంటె బరువు పని హద్దు మీద ఉన్నది. అది నీడల లెక్క, సూర్యుని సెగ దాని మీద ఎక్కువ. బందరు 30.2, కూసునే హద్దుకు ఒక డిగ్రీ దూరం. ఏ ఊరూ భద్రం కాదు, కాని రెండు ఊర్లల్ల ప్రమాదం రెండు తీర్లు. రామగుండంల చెమట పుట్టంగనే ఆరిపోతది, తోలు పొడిగనే కనపడుతది, ఎంత నీళ్లు పోతున్నయో మనిషికి తెలువదు. గంటకు లీటరు పైన పోవచ్చు. అక్కడ మనిషిని పడగొట్టేది నీళ్లు అయిపోవుడు. అందుకే పొడి ఎండల తడి బల్బు ఒక్కటే చూసి పర్వాలేదనుకున్నా తప్పే. బందరుల నీళ్లు ఎన్ని తాగినా చెమట ఆరదు. అక్కడ మనిషికి కావాల్సింది పని ఆపుడు, గాలి ఆడుడు. ఇద్దరికీ మజ్జిగ ప్యాకెట్ ఒక్కటే ఇచ్చి పంపితె ఒకనికి సగం పనిచేస్తది, ఇంకొకనికి అసలు సంగతి దొరకదు.

బొగ్గుబాయిల ఉన్న చట్టం, పైన లేదు

మన దేశంల ఈ సంగతి సర్కారుకు తెలువదా అంటె తెలుసు. 1957 బొగ్గు గనుల నిబంధనలల్లనే రాసిండ్రు. పని జాగల తడి బల్బు డిగ్రీ 33.5 దాటొద్దు. 30.5 దాటితె సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతోని గాలి కొట్టాలె. బాయిల లోపట గాలి తడిగ ఉంటది కాబట్టి పొడి థర్మామీటరు పనికిరాదని చట్టం రాసినోళ్లకు అప్పుడే అర్థమైంది. ఫ్యాక్టరీ చట్టం కింద వచ్చిన నమూనా నిబంధనలల్ల కూడ పని రూముల తడి బల్బు 30 దాటొద్దని రాసిండ్రు.

అంటె గోదావరిఖనిల బాయి లోపట దిగే కార్మికునికి కాగితం మీదనన్నా ఒక హద్దు ఉన్నది. అదే బాయి పైన ఇటుక బట్టీల మట్టి తొక్కే మనిషికి, ఉపాధి పనికి పోయి గంప మోసే ఆడామెకు, బిల్డింగుల సెంట్రింగ్ కట్టేటోనికి ఏ హద్దూ లేదు. భూమి లోపట తడి బల్బు చూస్తం, భూమి పైన చూడం. ఇదేం న్యాయం?

వాతావరణ శాఖ వడగాలి లెక్క చూడుండ్రి. మైదానంల 40 డిగ్రీలు దాటాలె, మామూలు కంటె 4.5 డిగ్రీలు ఎక్కువుండాలె, లేకుంటె సీదా 45 తాకాలె. సముద్రపు ఒడ్డున 37 దాటి, మామూలు కంటె 4.5 ఎక్కువుండాలె. అంతా పొడి థర్మామీటరు లెక్కే. మన లెక్కల బందరు 38 డిగ్రీల దినం దీంట్ల రాదు, ఎందుకంటె మేల అక్కడ 37 కొత్త కాదు. అంటె హాల్డేన్ హద్దుకు ఒక డిగ్రీ దూరంల ఉన్న దినం మన పుస్తకంల మామూలు దినం. 2023 నుంచి శాఖ ప్రయోగంగ హీట్ ఇండెక్స్ చూపెడుతున్నది, ఉక్కపోత హెచ్చరికలు ఇస్తున్నది. మంచిదే. కాని వడగాలి అన్న మాటకు అర్థం మారలే, పని ఆపాలె అన్న హుకుం దానికి జోడు కాలే.

2015 మేల వడగాలికి దేశంల పోయిన రెండు వేల పైచిలుకు మందిల ఎక్కువ మంది మన రెండు రాష్ట్రాలోళ్లే. 2025 ఏప్రిల్‌ల తెలంగాణ సర్కారు వడదెబ్బను రాష్ట్ర విపత్తుగ ప్రకటించి, చనిపోయినోళ్ల ఇంటికి నాలుగు లక్షలు ఇస్తమన్నది. చనిపోయినంక లెక్క కట్టుడు మొదలైంది. బతికుండంగనే లెక్క కట్టుడు ఎప్పుడు?

కొత్త మిషిన్లు తెమ్మని నేను అడుగుతలేను. వాతావరణ కేంద్రాలల్ల తెల్ల చెక్కపెట్టెల పొడి థర్మామీటరు పక్కన తడి గుడ్డ థర్మామీటరు ఎన్నో ఏండ్ల సంది ఉన్నది. తేమ శాతం అని మనకు చెప్పే అంకెను ఆ రెండింటి నుంచే లెక్కగడుతరు. తెలంగాణల వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలు మండలాలల్ల వేడినీ తేమనూ కొలుస్తనే ఉన్నయి. ఆ రెండు అంకెల నుంచి తడి బల్బు డిగ్రీ తీసుడు ఫోన్ల చేసే లెక్క.

కాబట్టి అడగాల్సినవి మూడే. మండలం వారిగ పొడి డిగ్రీ పక్కన తడి బల్బు డిగ్రీ రోజూ చెప్పుండ్రి. బాయి లోపట రాసిన హద్దు తీరుగ బయట పనికి సుత ఒక హద్దు రాయుండ్రి. అది దాటిన గంటల పని ఆగాలె, కూలి ఆగొద్దు. అంగన్‌వాడీకి, హాస్టలుకు కూలరు ఇచ్చే ముందు ఎదురు కిటికీ, నీళ్ల కనెక్షన్ రెండూ ఉన్నయని సంతకం పెట్టుండ్రి, కోస్తా ఊర్లల్ల అయితె కూలరుకు బదులు వేరే ఏర్పాటు చూడుండ్రి.

ఆ దాంక మనం చేసేది ఒకటున్నది. కరువు పని కాడనో, బట్టీ కాడనో, అడ్డా మీదనో రెండు థర్మామీటర్లు, ఒక నూలు గుడ్డ పెట్టి, పొద్దుగాల పదికి, పగటీలి రెండుకు రెండు అంకెలు నోటుబుక్కుల రాసుండ్రి. ఒక ఎండాకాలం రాసిన పుస్తకం పట్టుకొని పోతె, ఇయ్యాల 40 దాటలేదు గదా అని ఏ ఆఫీసరూ మనల్ని తిప్పి పంపలేడు.